పటం గోడెక్కింది, పాట గడప దాటింది

ఆ మధ్య హైదరాబాద్‌లో ఒక హస్తకళల మేళాలో ఫ్రేమ్ కట్టిన చేర్యాల బొమ్మ ఒకటి కొన్నాను. ఎర్రటి నేల మీద పులినెక్కి కూర్చున్న మనిషి. ఎవరీయన అని అడిగితే స్టాల్‌లో కుర్రాడు "పల్లెటూరి సీన్ సార్, హాల్లో బాగుంటుంది" అన్నాడు. ఆయన భావనారుషి. తామర తూళ్ల దారంతో దేవతలకు బట్ట నేసి, సూర్యుడి కూతురు భద్రావతిని పెళ్లాడిన పద్మశాలీల మూలపురుషుడు.

చేర్యాల కళ బతికి బట్టకట్టిందని సంబరపడేవాళ్లతో నా పేచీ ఇక్కడే. బతికింది బొమ్మ, పటం కాదు. పటమంటే కథ పాడుతూ విప్పే పొడవాటి బొమ్మల గుడ్డ చుట్ట.

పటం గీసేది నకాషీలనే చిత్రకారులైనా, గీయించుకునేది కథ చెప్పేవాళ్లు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులివాళ్లు, ముదిరాజులకు పాండవుల కథ చెప్పే కాకిపడగలవాళ్లు, మాదిగలకు జాంబపురాణం చెప్పే డక్కలివాళ్లు. నకాషీ ఇంటికి వచ్చి ఏ ఘట్టం తర్వాత ఏది రావాలో చెప్పి మరీ గీయించుకునేవారు. ఖద్దరు గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు కలిపి పూత మీద పూత వేస్తారు. ఒక్కో పూత ఆరాకే ఇంకోటి. పూత పలచనైతే రంగు గుడ్డలోకి ఇంకుతుంది. మందమైతే చుట్టినప్పుడల్లా పెళుసుగా పగులుతుంది. వందలసార్లు చుట్టి విప్పే వస్తువు కాబట్టి ఆ పదును తెలిసి ఉండాలి. గోడకు వేలాడే ఫ్రేమ్‌కు ఆ బాధ లేదు.

వెడల్పు మూడడుగులుంటే పొడవు నలభై, యాభై అడుగులు. దాన్ని మొత్తం ఒకేసారి ఎవరూ చూడరు. పై కొస గుంజలకు కట్టి, మిగతాది చుట్టే ఉంచి, పాట సాగినకొద్దీ కిందికి విప్పుతారు. ప్రధాన కథకుడి చేతిలో సన్నటి పుల్ల, పక్కన వంత పాడేవాళ్లు, తాళాలు, మద్దెల. పాటలో పేరు వచ్చిన క్షణానికి పుల్ల ఆ ముఖాన్ని తాకుతుంది.

ఇక్కడే అసలు తమాషా ఉంది. పటం మీద అక్షరం ఉండదు. ఒకే మనిషి వరస వరసలో మళ్లీ మళ్లీ వస్తాడు, ముఖాలన్నీ ఒకే పోలికలో ఉంటాయి. ఎవరు ఎవరన్నది పాట చెప్పాల్సిందే. పైగా బొమ్మ సైజుకీ కథ సైజుకీ సంబంధం లేదు. భద్రావతి పెళ్లి పటం మీద జానెడు జాగాలో ఉన్నా, కూర్చున్నవాళ్లలో ఉషారు కనిపిస్తే కథకుడు పుల్లను అక్కడే ఆపి గంటసేపు పాడొచ్చు. జనం కునుకుతుంటే రెండు వరసలు గబగబా విప్పేసి యుద్ధంలోకి దూకొచ్చు. ఆ నిండు ఎరుపు, గట్టి పసుపు, నీలం కూడా ముచ్చట కోసం కాదు. రాత్రి దీపం వెలుగులో వెనక కూర్చున్న ముసలమ్మకు కూడా ఆనాలి కదా. అంటే బొమ్మ పాటకు తాళం లాంటిది. తాళాన్ని విడిగా కొనుక్కుని ఇంట్లో పెట్టుకుని సంగీతం ఉందంటే ఎలా?

ఫ్రేములు అమ్ముడుపోబట్టే నకాషీ ఇళ్లలో పొయ్యి వెలిగిందని అంటారు. నిజమే, కాదనను. కథకులు రావడం మానేశాక వాళ్లు చేతులు ముడుచుకు కూర్చోవాలా? తప్పు గీసేవాళ్లది కాదు.

తప్పు లెక్కలో ఉంది. కూనపులి కుటుంబానికి ఫలానా ఊళ్లు అని మిరాశీ, అంటే తరతరాల హక్కు ఉండేది. ఆ ఊళ్లలోని పద్మశాలీలు త్యాగం పేరుతో ధాన్యమో డబ్బో ఇవ్వాల్సిందే. పటం అందుకు దస్తావేజు లాంటిది. అది చేతిలో ఉన్నవాడే మన పుట్టుక చెప్పే హక్కుదారు. మగ్గం కూలబడి నేతగాళ్లు సోలాపూర్, భివండి, సూరత్‌లకు వలసపోతే ఆ హక్కు ఎవరి మీద చెల్లుతుంది? వినేవాళ్లు పోయారు, తర్వాత చెప్పేవాళ్లు పోయారు, చివరికి గుడ్డ మీద రంగు మిగిలింది. చేర్యాలకు భౌగోళిక గుర్తింపు ఇచ్చినప్పుడు నమోదైంది కూడా ఆ రంగే.

మన సాంస్కృతిక విధానాల తీరే ఇది. చేతికి తగిలి, బిల్లు వేయగలిగిందే కళ. కులాల చరిత్రను నోటితో మోసిన ఆశ్రిత కులాలకు ఇందులో పద్దు లేదు. గీయడానికి శిక్షణ శిబిరాలు పెడతారు, బాగానే ఉంది. అదే శిబిరానికి పక్కన కూనపులి పెద్దాయన ఒకరిని కూర్చోబెట్టి, పటం విప్పించి, ఏ వరస దగ్గర ఏం పాడతాడో రికార్డు చేయడానికి ఎంత ఖర్చవుతుంది? పటం ఎదురుగా లేకుండా పాడమంటే ఆయన సగం మర్చిపోతాడు కాబట్టి రెండూ ఒకచోటే ఉండాలి.

ఇంటికొచ్చి నా ఫ్రేమ్‌ను దగ్గరగా చూశాను. అసలు పటంలో ఒక వరస అడుగు అంచే తర్వాతి వరసకు పై అంచు. నా బొమ్మకు నాలుగు వైపులా అంచు గీసి ఉంది. భావనారుషి పులి ఎక్కడినుంచి వచ్చిందో, ఎటు పోతోందో, అందులో లేదు.