రిబ్బన్ కట్ చేశాక మొదలయ్యే లెక్క

బెంగళూరు మారతహళ్లిలో మా సందు చివర ఆమధ్య ఒక కర్రీ పాయింట్ వెలిసింది. పెట్టింది ఒంగోలు వైపు కుర్రాడు. షాపు అడ్వాన్సు, స్టవ్‌లు, గిన్నెలు, ఫుడ్ లైసెన్సు, బోర్డు అన్నీ కలిపి 8 లక్షలు. "రెండు నెలలన్నాను, రెండు నెలల్లో తెరిచేశా. బడ్జెట్ కూడా దాటలేదన్నా" అంటూ మొదటి రోజు గోంగూర పప్పు పొట్లం చేతిలో పెట్టాడు. మూడో నెలాఖరుకి షట్టర్ దించేశాడు.

సాఫ్ట్‌వేర్ కంపెనీల కొలతల్లో చూస్తే అతనికి నూటికి నూరు మార్కులు. ప్రాజెక్టుకు ఒక మొదలు, ఒక చివర ఉంటాయి. అనుకోవడం, ప్లాన్ వేయడం, కట్టడం, అప్పగించడం, అంతే. అప్పగించాక ఖర్చు ఆగిపోతుంది, మనుషులు వేరే పనికి వెళ్లిపోతారు. కానీ ప్రాజెక్టు ముగిసిన చోటే ప్రొడక్టుకి పురుడు పోస్తారు. అక్కడి నుంచి దానికి వేరే జాతకం ఉంది: మెల్లగా అలవాటు కావడం, పుంజుకోవడం, నిలకడగా సాగడం, చివరికి తగ్గిపోవడం. ఏ దశ ఎన్నాళ్లో క్యాలెండర్ మీద రాసుకోలేం, కొనేవాళ్లు తేలుస్తారు.

కుర్రాడి లెక్క తర్వాత కూర్చుని వేశాం. షాపు అద్దె 50 వేలు, ముగ్గురు పనివాళ్లకు 60 వేలు. అంటే కూర అమ్మినా అమ్మకపోయినా నెలకు 1,10,000 కట్టాల్సిందే. పొట్లానికి సరుకుల ఖర్చు పోను 20 రూపాయలు మిగులుతుంది. కాబట్టి నెలకు 5,500 పొట్లాలు, అంటే రోజుకు దాదాపు 183 పోతేనే సరికి సరి. మొదటి నెల రోజుకు సగటున 60 పోయాయి, 74 వేలు నష్టం. రెండో నెల 100, నష్టం 50 వేలు. మూడో నెల 140, నష్టం 26 వేలు. మొత్తం లక్షన్నర. గమనించండి, నష్టం నెలనెలా తగ్గుతూనే ఉంది. అదే ఊపులో నాలుగో నెల 190కి చేరి ఉంటే నాలుగు వేలైనా మిగిలేవి. కానీ ఆ లక్షన్నర అతని ప్లాన్‌లోనే లేదు. కూర బాగోలేక కాదు, ప్రారంభోత్సవంతో ఖర్చు ఆగిపోతుందని నమ్మడం వల్ల మునిగాడు.

"ప్రొడక్టంటే ఒకదాని తర్వాత ఒకటి చేసే ప్రాజెక్టులేగా, పెద్ద తేడా ఏముంది?" అని మా ఆఫీసు మేనేజర్లు అంటారు. నిజమే, ఒక ప్రొడక్టు బతుకులో పది ప్రాజెక్టులు రావచ్చు. కొత్త వంటకం చేర్చడం ఒక ప్రాజెక్టు, డెలివరీ యాప్‌లో చేరడం ఇంకొకటి. అయితే ఆ రెండూ టైముకి పూర్తయినంత మాత్రాన రేపు జనం వస్తారని ఎవరు చెప్పగలరు?

ఇదే ఊళ్లో ఇంకా పెద్ద ఉదాహరణ హెచ్ఎంటీ వాచ్. జపాన్ సిటిజన్ కంపెనీ సాయంతో ఇక్కడ ఫ్యాక్టరీ నిలబెట్టడం ప్రాజెక్టు, 1961లో ఉత్పత్తి మొదలవడంతో అది గట్టెక్కింది. వాచీ మాత్రం దశాబ్దాలపాటు పెళ్లికొడుకుల ముంజేతి మీద వెలిగింది. 1984లో మొదలైన టైటన్, పక్కనే హోసూరు నుంచి క్వార్ట్జ్ వాచీలు దించేసరికి కీ ఇచ్చే వాచీకి గిరాకీ తగ్గుతూ వచ్చింది. వాచీల కంపెనీ మూసివేతకు కేంద్రం 2016 జనవరిలో ఆమోదం తెలిపింది. ఫ్యాక్టరీ కట్టినవాళ్లు తప్పు చేశారని ఎవరైనా అనగలరా? అది ఎప్పుడో ముగిసిన పని. తగ్గే దశ వచ్చిందని కనిపెట్టాల్సింది అమ్మకాలు చూసేవాళ్లు.

మా ఆఫీసుల్లో గో లైవ్ రోజు కేక్ కోసి, నెల తిరక్కముందే టీమును విడగొడతారు. కస్టమర్లు నిజంగా వాడటం మొదలుపెట్టి తిట్టేది ఆ తర్వాతే. అప్పటికి కోడ్ రాసినవాడు ఇంకో బిల్డింగులో ఇంకో ప్రాజెక్టులో ఉంటాడు.

కంపెనీలదేముంది, మన ప్రభుత్వాలు ఇంతకంటే నాలుగాకులు ఎక్కువే చదివాయి. శంకుస్థాపనకు నిధులుంటాయి, ప్రారంభోత్సవానికి నిధులుంటాయి. ఆ తర్వాతి ఇరవై ఏళ్లకు పద్దు వెతికితే దొరకదు. మా ఊళ్లో మంచినీళ్ల ఆర్ఓ ప్లాంటు అలాగే వచ్చింది. అందులో నీళ్లు వడకట్టే మెంబ్రేన్ నీటిని బట్టి కొన్నేళ్లకోసారి మార్చాలి. పాతబడితే నీళ్లు సన్నగా వస్తాయి, లేదా ఉప్పదనం తిరిగి తగులుతుంది. మా ప్లాంటులో ఉప్పు తగిలి రెండేళ్లయింది. మార్చడానికి డబ్బు ఎవరివ్వాలో పంచాయతీకీ తెలియదు, కట్టించినవాళ్లకీ పట్టదు. శిలాఫలకం మీద పేర్లు మాత్రం చక్కగా చదవొచ్చు. మా అమ్మ పక్క ఊరి నుంచి వచ్చే ఆటోలో క్యాన్ కొనుక్కుంటోంది.