పదికి ఎన్ని మార్కులు?

మార్చి వచ్చిందంటే చాలు, బెంగళూరులో మహదేవపుర, వర్తూరు వైపు ఉండే మన తెలుగువాళ్ల అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో ఒక వార్త మళ్లీ తిరగడం మొదలవుతుంది. బెంగళూరు, చెన్నై, ఢిల్లీ, హైదరాబాద్‌తో కలిపి 21 నగరాల్లో భూగర్భ జలం పూర్తిగా అయిపోతుందని సాక్షాత్తూ నీతి ఆయోగే చెప్పిందని దాని సారాంశం. దాన్ని చూసి ఫ్లాట్‌కి ఇవ్వాల్సిన అడ్వాన్స్ ఆపేసినవాళ్లూ, ట్యాంకర్‌కి ముందే ఏడాది కాంట్రాక్ట్ రాసేసుకున్నవాళ్లూ ఉన్నారు. భయపడొద్దని మేం అనట్లేదు, నీళ్ల బాధ నిజమే. కానీ ఒక వార్తని నమ్మి డబ్బులు పెట్టేముందు దానికి మార్కులు వెయ్యడం అలవాటు చేసుకుంటే బాగుంటుందని మా అభిప్రాయం. ఆ మార్కులు ఎలా వెయ్యాలో ఈ వార్త మీదే చేసి చూపిస్తాం.

మొత్తం పది మార్కులు. అందులో మూలాలకి నాలుగు, ఆధారాలకి నాలుగు, బ్యాలెన్స్‌కి రెండే. బ్యాలెన్స్‌కి అంత తక్కువెందుకంటే నటించడానికి అన్నిటికంటే సులువైనది అదే, చివర్లో "ఈ ఆరోపణలను సంబంధిత అధికారి ఖండించారు" అని ఒక లైన్ తగిలిస్తే చాలు, ఏ వార్తైనా న్యాయంగా రాసినట్టే కనిపిస్తుంది.

మూలాలతో మొదలుపెడదాం. చెప్పిందెవరో పేరు ఉంటే ఒక మార్కు, ఆ మనిషికో సంస్థకో ఆ సంగతి నేరుగా తెలిస్తే ఇంకోటి, ఆ మొదటివాళ్లతో సంబంధం లేని రెండో మూలం ఉంటే మిగతా రెండు. మన వార్తలో నీతి ఆయోగ్ పేరుంది కాబట్టి ఒకటి వేద్దాం. నేరుగా తెలుసా అంటే, నీతి ఆయోగ్ బావుల్లో నీటి మట్టం కొలిచే సంస్థ కాదు, ఆ పని కేంద్ర భూగర్భ జల మండలిది, నీతి ఆయోగ్ వేరేవాళ్ల లెక్కల్ని పోగుచేసి 2018 జూన్‌లో నీటి నిర్వహణ సూచీ పేరుతో రిపోర్ట్ ఇచ్చింది. కాబట్టి ఇక్కడ సున్నా. ఇక రెండో మూలం దగ్గరే అందరూ పప్పులో కాలేస్తారు. అన్ని పేపర్లూ రాశాయి, టీవీల్లో వచ్చింది, ఫారిన్ మీడియా కూడా వేసింది, అబద్ధం ఎలా అవుతుంది అంటారు. అవన్నీ ఆ ఒక్క రిపోర్ట్‌లోని ఆ ఒక్క వాక్యం పట్టుకునే రాశాయి, అంటే పది పేపర్లలో వచ్చినా మూలం ఒక్కటే. ఇక్కడా సున్నానే. నాలుగుకి ఒకటి.

ఇప్పుడు ఆధారం. అసలు పత్రం మనం తెరిచి చూడగలిగితే ఒక మార్కు, అంకె దేన్ని, ఎక్కడ, ఎప్పుడు కొలిచిందో చెబితే రెండు, హెడ్డింగ్ పత్రాన్ని మించి మాట్లాడకపోతే ఒకటి. రిపోర్ట్ ఇంటర్నెట్‌లో దొరుకుతుంది, ఒకటి ఇచ్చేద్దాం. కానీ 21 అనే అంకె ఎలా లెక్కేశారో అందులో ఉండదు. 2019లో, చెన్నైలో కుళాయిలు ఎండిపోయి ప్రపంచమంతా మాట్లాడుకుంటున్నప్పుడు, వాషింగ్టన్ పోస్ట్ ఈ అంకె వెంటపడి వెళ్తే చివరికి తేలిందేంటంటే, దాని వెనకున్నది భూగర్భ జల మండలి పాత జిల్లా లెక్కలు, ఏటా భూమిలోకి ఇంకే నీటికంటే ఎక్కువ తోడేస్తున్న జిల్లాల లెక్క. ఈ తేడా కాస్త నిదానంగా చూడాలి. తోడేది ఇంకేదానికంటే ఎక్కువైతే, అంటే వంద శాతం దాటితే, మండలి ఆ ప్రాంతాన్ని ఓవర్ ఎక్స్‌ప్లాయిటెడ్ అంటుంది, బెంగళూరు నగర జిల్లాదీ అదే పరిస్థితి. జీతం కంటే ఖర్చు ఎక్కువైందంటే బ్యాంకులో బ్యాలెన్స్ ఈ నెలే సున్నా అయిపోయిందని కాదు కదా, కింద ఎంత నిల్వ ఉందో చెప్పే లెక్క వేరే. కాబట్టి ఆ రెండు మార్కులూ పోయాయి. హెడ్డింగ్ సంగతి సరేసరి, రిపోర్ట్‌లో 2020కల్లా అయిపోవచ్చన్న అంచనాగా ఉన్నది గ్రూపుల్లోకి వచ్చేసరికి ఏడాదీ అంచనా రెండూ ఎగిరిపోయి "అయిపోతోంది" అయింది. ఆధారానికీ నాలుగుకి ఒకటే.

బ్యాలెన్స్‌లో, ఆ అంకె సరైనదేనా అని భూగర్భ జలాల నిపుణుణ్ణి అడిగితే ఒకటి, ఆయన చెప్పింది వార్త చివరి పేరాలో దాచకుండా పైన పెడితే ఇంకోటి. తిరుగుతున్న కాపీల్లో మాకు కనిపించినవాటిలో నిపుణుడే లేడు. మొత్తం పదికి రెండు. గవర్నమెంట్ పేరుంది, అంకె ఉంది, అందరూ రాశారు అని పైపైన చూసి మార్కులేస్తే ఇదే వార్తకి ఎనిమిది పడతాయి, అందుకే చెక్‌లిస్ట్ ఉండటం కంటే ఒక్కో గడి దగ్గర ఆగి "ఎవరు కొలిచారు" అని అడగడమే అసలు పని.

పోలిక కోసం ఇంకో వార్త చూద్దాం. 2024 మార్చిలో ఉప ముఖ్యమంత్రి డి.కె. శివకుమార్ బెంగళూరులో 13,900 బోర్లలో 6,900 పనిచేయట్లేదని చెప్పారు. పేరుంది, బెంగళూరు అభివృద్ధి శాఖ అప్పుడు ఆయన చేతిలోనే ఉండేది కాబట్టి సంగతి నేరుగా తెలుసు, రెండు. విలేకరి వీధుల్లోకి వెళ్లి ట్యాంకర్‌వాళ్లనీ ఖాళీ సంపులనీ చూసి రాసి ఉంటే ఇంకో రెండు, ఊరికే ప్రెస్‌మీట్ దించేస్తే లేదు. ఎక్కడ, ఎప్పుడు అన్నది స్పష్టం, కానీ ఆ 13,900 ప్రభుత్వ బోర్లు, ఇళ్లల్లో అపార్ట్‌మెంట్లలో ఉన్న ప్రైవేటు బోర్లు అందులో లేవు. ఆ ముక్క రాసిన వార్తకి ఆరేడు మార్కులొస్తాయి, రాయకుండా "సగం బెంగళూరుకి నీళ్లు లేవు" అని హెడ్డింగ్ పెట్టిన వార్తకి నాలుగు దాటవు. మంత్రి ఒక్కరే, మాట ఒక్కటే, మార్కులు మాత్రం వేరు. అన్నట్టు, మిగతా 7,000 బోర్లు 2024లో నడుస్తున్నాయంటే 2020కల్లా సున్నా అన్న మాట సంగతి కూడా అక్కడే తేలిపోయింది.

ఈ పద్ధతికి రెండు లోపాలున్నాయి, దాచడం ఎందుకు. ఒకటి, మార్కులు కూడితే పెద్ద లోపం చిన్న మంచితనాల కింద కప్పబడిపోతుంది, మూలాల్లో నాలుగూ బ్యాలెన్స్‌లో రెండూ వచ్చి ఆధారంలో సున్నా వస్తే టోటల్ ఆరు, చూడ్డానికి పాస్ లాగే ఉంటుంది. అందుకని ఆధారంలో సున్నా వస్తే టోటల్ కూడొద్దు, ఫెయిల్ అనే రాసుకోండి. రెండోది, పేరు చెప్పలేని ఉద్యోగి లోపలి బండారం బయటపెట్టిన వార్తకి మూలాల్లో మార్కులు తక్కువే వస్తాయి, అయినా అది నిజం కావచ్చు. పేరు ఎందుకు దాచారో, ఆ మనిషికి ఎలా తెలుసో పత్రిక రాస్తే మేమైతే సగం మార్కు వేస్తాం, "విశ్వసనీయ వర్గాల సమాచారం" అని వదిలేస్తే అదీ లేదు. మార్కులు వార్త ఎలా రాశారన్నదానికే, నీళ్లు ఉన్నాయా లేవా అన్నదానికి కాదు, ఈ రెండూ కలిపేసుకుని రెండు మార్కులొచ్చాయి కాబట్టి నీళ్ల బాధే లేదు అనుకుంటే అదో కొత్త తప్పు.

కాబట్టి మూడో అంతకంటే తక్కువో వస్తే ఫార్వర్డ్ చెయ్యకండి, నాలుగు నుంచి ఆరు వస్తే రెండో మూలం దొరికేదాకా ఆగండి, ఏడో అంతకంటే ఎక్కువో వస్తేనే దాన్ని పట్టుకుని నిర్ణయం తీసుకోండి. ఫ్లాట్ కొనేవాళ్లకైతే ఏ వార్తా సరిపోదు, ఆ బిల్డింగ్ బోరు ఎంత లోతు, ఎండాకాలంలో రోజుకి ఎన్ని గంటలు ఆడుతుంది, కావేరి కనెక్షన్ ఇచ్చారా లేక అప్లై చేశామంటున్నారా, కిందటి ఏప్రిల్‌లో ట్యాంకర్లకి ఎంత కట్టారు అన్నవి అసోసియేషన్ దగ్గర బిల్లులతో సహా అడిగి చూసుకోవాల్సిందే.