తమరి మర్యాదకు రెండు అక్షరాలు ఎక్కువ

ఇంగ్లిషు వాక్యంలో నిషేధం ముందే వస్తుంది. ‘డు నాట్ షేర్ దిస్ ఓటీపీ విత్ ఎనీవన్’ అన్న బ్యాంకు ఎస్ఎంఎస్ మొదటి రెండు మాటల దగ్గర తెగిపోతే, చదివినవాడికి ఏదో చేయకూడదని తెలుస్తుంది, ఏది చేయకూడదో తెలియదు. అందుచేత భయపడి ఊరుకొంటాడు, నష్టమేమీ లేదు. అసలు ప్రమాదం మిగిలిన ముక్కది. అది విడిగా చేరితే ‘షేర్ దిస్ ఓటీపీ విత్ ఎనీవన్’ అన్న స్పష్టమైన ఆజ్ఞగా మారి, ఓటీపీని ఎవరికైనా సరే పంచిపెట్టమని చెబుతుంది. తెలుగులో ఇందుకు తలకిందులుగా పని అంతా ముందు చెప్పి, వద్దన్నది చివర చెబుతాం. కాబట్టి మనకు మొదటి ముక్క చాలు, కొంప మునగడానికి.

ఈ తెగడం ఎక్కడ జరుగుతుందో చూద్దాం. ఒక ఎస్ఎంఎస్‌లో పట్టేది 140 బైట్లు. ఇంగ్లిషు అక్షరానికి ఏడు బిట్లు చాలు కనుక వారికి 160 అక్షరాలు దక్కుతాయి. తెలుగు అక్షరానికి పదహారు బిట్లు కావాలి కనుక మనకు 70 మాత్రమే. ఆ డెబ్బైలో గుణింతపు గుర్తులూ, పొల్లూ, అక్షరాల మధ్య ఖాళీలూ కూడా వేరువేరుగా లెక్కకు వస్తాయి. ‘చెప్పవద్దు’ అన్న మాట మన కంటికి నాలుగక్షరాలే కానీ యంత్రానికి పది. హద్దు దాటిన సందేశాన్ని ముక్కలు చేసి పంపుతారు. ముక్కలను తిరిగి కుట్టుకోవడానికి ఒక్కొక్క దానిలో ఆరు బైట్లు పోతాయి కనుక, ముక్కకు 67 అక్షరాలే మిగులుతాయి. చాలా ఫోన్లు వాటిని బుద్ధిగా కలిపి చూపిస్తాయి. ఒక ముక్క దారిలో ఆగిపోయినప్పుడో, పాత ఫోను ముక్కలను విడివిడిగా చూపినప్పుడో మాత్రమే కథ మొదలవుతుంది.

ఒక బ్యాంకు అధికారి ఈ హెచ్చరికను రాశాడని ఊహించుకొందాం: ‘మీ ఓటీపీ సంఖ్యను మా బ్యాంకు ఉద్యోగులమని చెప్పినవారికి కూడా చెప్పవద్దు.’ లెక్కపెట్టి చూడండి, చివరి చుక్కతో సహా సరిగ్గా 70. ఒకే సందేశంలో ఇమిడిపోయింది. అంతటితో ఊరుకొంటే లోకం క్షేమంగా ఉండేది. కానీ పై అధికారికి ‘మీ’ అన్న మాటలో గౌరవం చాలలేదు. ఖాతాదారుడిని ‘తమరి’ అని సంబోధించాలని దిద్దాడు. గౌరవం రెండక్షరాలు పెరిగింది, లెక్క 72 అయింది, సందేశం రెండు ముక్కలయింది. అరవై ఏడో అక్షరం దగ్గర కోసిన మొదటి ముక్క ఇలా ముగుస్తుంది: ‘...చెప్పినవారికి కూడా చెప్పవ’. రెండో ముక్కలో మిగిలింది ‘ద్దు.’ మాత్రమే. దానిని విడిగా అందుకొన్నవారు అదేదో బ్యాంకు కొత్తగా పెట్టిన పథకం పేరు అనుకోవచ్చు. మొదటి ముక్కకు దీర్ఘం ఒక్కటి తగిలించుకొని చదివితే, బ్యాంకువాడు ‘చెప్పవా’ అని గోముగా బతిమాలుతున్నట్టు ఉంటుంది. ఓటీపీ కోసం ఫోను చేసే దొంగ కూడా ఇంత ఆప్యాయంగా అడగడు.

సందేశాలను పదాల మధ్య మాత్రమే విరిచే పంపకపు సాఫ్ట్‌వేరు కూడా ఉంటుంది. అప్పుడు ‘చెప్పినవారికి కూడా’ అన్నంతవరకే వస్తుంది. వారికి ఏమి చేయాలో పాఠకుడు తన స్వభావాన్ని బట్టి పూరించుకోవాలి. పంపేవారికి మాత్రం జబ్బు ఎక్కడ ఉందో కనబడుతూనే ఉంటుంది, ఎందుకంటే ఒక సందేశానికి రెండింటి సొమ్ము బిల్లులో పడుతుంది.

విమానాల రేడియోలో ఈ గొడవ వద్దనే, పైలట్‌ను కదలవద్దు అనే బదులు ‘హోల్డ్ పొజిషన్’ అంటారు. ఆ మాటలో రాలిపోవడానికి ‘నాట్’ అన్నదే లేదు. మన అధికారి కూడా ‘ఓటీపీని మీలోనే దాచుకోండి’ అని రాయవచ్చు. ఎక్కడ కోసినా అది చెప్పమన్నట్టు మాత్రం వినబడదు. కానీ అంత తేలికైన వాక్యం రాస్తే ఆఫీసు పరువు ఏమి కావాలి?

అందుచేత ఆయన గౌరవాన్ని తగ్గించకుండా అక్షరాలను తగ్గించే ఉపాయం ఆలోచించాడు. ‘చెప్పకండి’ అంటే ఒక అక్షరం మిగులుతుంది, కానీ ఆ ‘క’ ఎవరైనా మరిచిపోతే ‘చెప్పండి’ అవుతుంది కనుక వద్దనుకొన్నాడు. ‘చెప్పరాదు’ అన్నా ఒక అక్షరం మిగులుతుంది, పైగా గ్రాంథికంగా, హుందాగా ఉంటుంది. దానిని పెట్టి, చివరి చుక్క తీసేశాడు. లెక్క మళ్లీ 70. ‘తమరి’ క్షేమం, సందేశం ఒకే ముక్క, బిల్లు సగం. ఆయన సంతోషించి దానిని తెలంగాణ జిల్లాలన్నిటికీ పంపించాడు. అక్కడి ఇళ్లలో వచ్చినవారిని ‘జర కూసోరాదు’ అంటే దయచేసి కూర్చోమని అర్థం.