కొబ్బరిచెట్టు మీద పడబోతున్న కొండ

హనుమంతవాక దాటి మధురవాడ వైపు వెళ్తుంటే ఒక వెంచరు ఫ్లెక్సీ కనిపిస్తుంది. ముందు ప్లాట్లు, మధ్యలో కొబ్బరిచెట్లు, వెనక మూడు వరసల కొండలు. ఆ కొండలు కిలోమీటర్ల దూరంలో ఉన్నాయని మనం నమ్మాలి. అవేమో కొబ్బరిచెట్ల కంటే నల్లగా, ఆకులు లెక్కపెట్టుకునేంత స్పష్టంగా, ఏ క్షణాన్నయినా చెట్ల మీద పడేలా ఉన్నాయి. పైగా ఒక కొండ నిండా దేవదారు చెట్లు. విశాఖ ఉక్కపోతలో దేవదారు పెంచిన ఈ వెంచరుకి వ్యవసాయ శాఖ సన్మానం చేయాలి.

ఫొటోలు దిద్దే పనిలో జుట్టు నెరిసినవాణ్ణి కనుక ఊరుకోలేక ఆ ఫ్లెక్సీ వేసిన షాపు వెతుక్కుంటూ వెళ్లాను. డిజైన్ చేసే కుర్రాడు సిస్టమ్ ముందు ఉన్నాడు. అతని కుర్చీ వెనకాల వెంచరు ఓనరుగారు నిలబడి ఇంకో ఫ్లెక్సీ చేయిస్తున్నారు.

"బాబూ, కొండ ఇంకాస్త డార్క్ చెయ్యి."

"దూరం కొండ పల్చగా ఉండాలి కదండీ," అన్నాను.

"పల్చగా ఎందుకండీ? డబ్బులిచ్చింది కొండకే."

వాదన న్యాయంగానే ఉంది. కానీ కొండకీ మనకీ మధ్య గాలి ఉంటుంది, అది ఓనరుగారికి డబ్బులివ్వలేదు. ఆ గాలిలోని దుమ్ము, సముద్రపు తేమ ఎండని చెదరగొట్టి కొంత వెలుగుని మన కంటికి పంపిస్తాయి. అది కొండ మీద పల్చటి తెరలా పరుచుకుంటుంది. వెలుతురున్న చోట అది పెద్దగా తెలియదు, నీడల్లోనే బయటపడుతుంది. అందుకే దూరపు కొండలో ముందుగా మాయమయ్యేది నలుపు. గాలి అణువులు నీలాన్ని ఎక్కువ చెదరగొడతాయి కనుక ఆ తెర నీలంగా ఉంటుంది. మన తీరంలో తేమ ఎక్కువ, అందుకని ఆ నీలంలో కాసిని పాలు కలుస్తాయి. ఆర్కే బీచ్‌లో మిట్టమధ్యాహ్నం నిలబడి డాల్ఫిన్స్ నోస్‌ని చూడండి. పెద్ద వాన వెలిసిన మర్నాడు మళ్లీ చూడండి, కొండ నాలుగడుగులు ముందుకొచ్చినట్టుంటుంది. దూరాన్ని నీలంతో చూపించాలని లియొనార్డో డా విన్చీ 500 ఏళ్ల కిందటే రాసుకున్నాడు. ఆ కబురు ఇంకా మన ఫ్లెక్సీ షాపులకి చేరలేదు.

ఓనరుగారు టీకి వెళ్లగానే నేనూ కుర్రాడూ పని మొదలుపెట్టాం. అతను కొండకి నీలం పూయబోతే ఆపాను. నీలం పూస్తే నీలం కొండ వస్తుంది, దూరం రాదు. అదే ఫొటోలో ఆకాశం అంచున, నేలని తాకే చోట ఐడ్రాపర్ పెట్టి రంగు తీసుకున్నాం. నడినెత్తి నీలం పనికిరాదు, సాయంత్రం ఫొటో అయితే ఆ అంచు నారింజగా కూడా ఉండొచ్చు. ఆ రంగుతో ఒక్కో కొండ మీదా ఒక లేయర్ వేసి, కొండ అంచు దాటకుండా క్లిప్ చేశాం. దగ్గర కొండకి ఒపాసిటీ 30. అంటే కొండ 70 శాతం మిగిలింది. రెండో కొండ రెట్టింపు దూరం కనుక ఆ 70లో మళ్లీ 70 శాతం, అంటే 49 మిగలాలి. ఒపాసిటీ 51. మూడోదానికి 66. 0 నుంచి 255 దాకా ఉండే రంగుల లెక్కలో మధ్య కొండ నీడకి ఎరుపు 20, నీలం 20 ఉండేవి. తెర రంగులో ఎరుపు 190, నీలం 220. సగం సగం కలిసేసరికి నీడ 105, 120 అయింది. నలుపు పోయింది, నీలం దానంతటదే వచ్చింది. తేమ, దుమ్ము కిందే ఎక్కువ కనుక కొండల పాదాల దగ్గర ఇంకాస్త తెర పెంచాం. చివర్లో బొమ్మని బ్లాక్ అండ్ వైట్ చేసి చూశాం. కొబ్బరి నీడ అన్నిటికన్నా నలుపు, వెనక్కి వెళ్లేకొద్దీ ఒక్కో కొండా తేలిక. సరిపోయింది. దేవదారుని మాత్రం ఏ ఒపాసిటీ దాచలేదు, కొండే మార్చాం.

టీ తాగొచ్చిన ఓనరుగారిని ఊరికే అడిగాను, ఆ సైటు వెనక నిజంగా కొండ లేదా అని.

"ఉండేదండీ. చదును చేయడానికి మట్టి కావాలి కదా, తీసేశాం."

ఇక్కడ నాకు వ్యంగ్యం రావడం లేదు. పొద్దున నీలంగా, వాన వెలిశాక పచ్చగా, ఎవరూ ఒపాసిటీ సరిచేయక్కర్లేకుండా నిలబడ్డ కొండని జేసీబీతో తవ్వి టిప్పర్లకెత్తారు. ఆ గుంతకి అడ్డంగా కొండ బొమ్మ కట్టి గజం ఇంతని అమ్ముతున్నారు. సిగ్గులేదూ?

కొత్త ఫ్లెక్సీ కట్టిన మూడో రోజున కుర్రాడు ఫోన్ చేశాడు. ఓనరుగారు సగం డబ్బులు ఆపేశారట. ఇంకు నాసిరకం, మూడు రోజులకే కొండలు వెలిసిపోయాయని.