గ్రాఫు అడుగు నుంచి ఎత్తు కొలిస్తే వృద్ధి లెక్క తప్పుతుంది

విలువలు రాయని లైన్ చార్ట్ స్క్రీన్‌షాట్ ఒకటి చేతికొచ్చిందనుకుందాం. నిలువు అక్షం పక్కన 40, 60, 80, 100 అన్న అంకెలు తప్ప మరేమీ లేవు. చార్టు అడుగు నుంచి చూస్తే గీత ముగిసిన చోటు మొదలైన చోటికి నాలుగున్నర రెట్ల ఎత్తులో ఉంది కనుక, విలువ కూడా అన్ని రెట్లు పెరిగిందని రాసేస్తుంటారు. అక్షం సున్నా దగ్గర కాక 40 దగ్గర మొదలైందన్న సంగతి ఆ తొందరలో గల్లంతవుతుంది.

ఇలాంటప్పుడు కంటిని నమ్మకుండా పిక్సెళ్లలో కొలవడం మేలు. చాలా ఫొటో ఎడిటర్లు కర్సర్ ఎన్నో పిక్సెల్ మీద ఉందో చూపిస్తాయి. సాధారణంగా ఆ లెక్క పైనుంచి కిందికి సాగుతుంది. మన చార్టులో 40 అడ్డగీత 520వ పిక్సెల్ దగ్గర, 100 అడ్డగీత 100వ పిక్సెల్ దగ్గర ఉన్నాయనుకుంటే, 60 యూనిట్లకు 420 పిక్సెళ్లు, అంటే ఒక్కో యూనిట్‌కు 7. మొదటి బిందువు 450 దగ్గర ఉంటే అది 40 గీతకు 70 పిక్సెళ్ల పైన ఉన్నట్టు, కాబట్టి దాని విలువ 50. చివరి బిందువు 205 దగ్గర ఉంటే దాని విలువ 85. పెరిగింది 35, దాన్ని 50తో భాగిస్తే వృద్ధి 70 శాతం. కంటికి తోచిన 350 శాతానికీ దీనికీ పొంతనే లేదు.

అయితే ఈ 70ని దశాంశాలతో రాయడం అతి. గీత మందం వల్ల ప్రతి బిందువు దగ్గరా మూడు పిక్సెళ్లు అటూ ఇటూ కావచ్చు, అంటే సుమారు 0.4 యూనిట్. రెండు పొరపాట్లూ ఎదురెదురు దిశల్లో పడితే వృద్ధి 68 నుంచి 72 శాతం మధ్య ఎక్కడైనా ఉండవచ్చు కనుక "సుమారు 70 శాతం" అనడమే న్యాయం. మొదటి విలువ చిన్నదైతే ఇదే పొరపాటు విపరీతమవుతుంది: యూనిట్‌కు అవే 7 పిక్సెళ్లున్న వేరే చార్టులో 2 నుంచి 10కి చేరిన గీతకు వృద్ధి 300 నుంచి 550 శాతం దాకా ఏదైనా కావచ్చు. అలాంటి చోట శాతం చెప్పకుండా, ఎన్ని యూనిట్లు పెరిగిందో చెప్పి ఊరుకోవడం మంచిదని నా అభిప్రాయం.

కొలిచే ముందే మధ్యనున్న అడ్డగీతను ఒకసారి సరిచూడాలి. మన లెక్క ప్రకారం 80 గీత 240వ పిక్సెల్ దగ్గర ఉండాలి. అక్కడ లేకపోతే స్కేలు సమంగా లేదన్నమాట. అడ్డగీతలు సమాన దూరంలో ఉండి వాటి పక్కన 10, 100, 1000 అని ఉంటే అది లాగ్ స్కేలు. అందులో 10కీ 100కీ సరిగ్గా నడుమనున్న బిందువు విలువ 55 కాదు, దాదాపు 32. అలాంటి చార్టులో ఒక్కో పది రెట్లకు 140 పిక్సెళ్లు ఉంటే, 42 పిక్సెళ్లు పైకి జరిగిన గీత ఎక్కడ మొదలైనా దాదాపు రెట్టింపైనట్టే. అక్కడ వృద్ధి శాతం తేల్చడానికి ఎత్తుల తేడా ఒక్కటే చాలు, మొదటి విలువ తెలియాల్సిన పని లేదు.