చెత్తబుట్టకు ఫిర్యాదులు రావు

మందుల వాడకంపై సలహాలిచ్చే ఒక కేంద్రం ఉందనుకుందాం. అర్థంపర్థం లేని సందేశాలు సిబ్బంది విలువైన కాలాన్ని హరించకుండా, ఒక వడపోత వాటిని ముందే ఏరి పారేస్తుంది. దాని కార్యదక్షతకు ఈ ఒక్క తిరస్కారమే తార్కాణం:

```
cxog jzx[gmejdng bsMevg
```

ఏ నిఘంటువులోనూ లేని మాటలు, పైగా మాట నడుమ ఒక బ్రాకెట్టు! ఇంతటి అనాగరికతను క్షణమైనా సహించకపోవడం న్యాయమే. కాకపోతే, పంపిన తల్లి ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలో తెలుగు టైపు చేస్తూ, ఆ కంగారులో కీబోర్డు ఇంగ్లీషులోనే ఉండిపోయిన సంగతి చూసుకోలేదు. ఆ పద్ధతిలో c నొక్కితే మ, x నొక్కితే సున్న, o నొక్కితే ద, g నొక్కితే ఉకారం పడతాయి. అలా మొత్తం చదివితే తేలేది: "మందు రెండుసార్లు వేశాను."

ఇది పసిపిల్లల ఆట అనుకోవడానికీ లేదు. వాళ్లు కీబోర్డు మీద చేయి జాపితే సాధారణంగా asdfgh లాగా పక్కపక్క మీటలే పడతాయి. ఇక్కడ మూడు మాటలూ g తోనే ముగిశాయి. తెలుగులో ఎన్నో మాటలు ఉకారంతో ముగుస్తాయన్న సంగతి పరిశీలకుడికి తట్టకపోతే అది మన్నించదగిన లోపమే, ఎందుకంటే అతనికి ఆ సందేశం చూపించనేలేదు.

ఇంకొక విశేషముంది. కొన్ని వడపోతలు తీర్పుకు ముందే సందేశానికి స్నానం చేయిస్తాయి: చిహ్నాలను తుడిచి, పెద్ద అక్షరాలను చిన్నవి చేస్తాయి. M కాస్తా m అయితే "వేశాను" "వేసాను" అవుతుంది, అంతవరకు పరవాలేదు. కానీ [ అంటే డ, అది పోతే "రెండు" లోని డ ఎగిరిపోతుంది. అసలు ప్రమాదాన్ని చెప్పే మాటే చెడిపోయాక, మీటల వరుసను తెలుగులోకి మార్చి చూసినా చదవడం కష్టం. కాబట్టి మార్చి చూడటం ముందు, శుభ్రం చేయడం తరువాత జరగాలి.

ఇక ఖర్చు లెక్క. "మీ సందేశం సరిగా అందలేదు, మళ్లీ రాయగలరా?" అని అడగడానికి ఒక నిమిషం పడుతుందనుకుందాం. నిజమైన ప్రశ్నను పారేస్తే కలిగే నష్టాన్ని, పిల్లవాడి ప్రాణాన్ని చౌకగానే కట్టి, 200 నిమిషాలనుకుందాం. అప్పుడు అలాంటి 200 సందేశాల్లో ఒక్కటి నిజమైనా, అన్నింటికీ బదులిచ్చినందుకు నష్టం ఉండదు. అయితే బదులంటే తిరిగి అడగడమే. చెత్తలోంచి అర్థం ఊహించి మోతాదు చెప్పేస్తే ఈ లెక్క తలకిందులవుతుంది.

ఇంత సులువైన లెక్క కేంద్రానికి అందకపోవడానికి కారణం దాని నెలవారీ నివేదికే. చెత్తకు బదులిచ్చిన ప్రతి నిమిషమూ అందులో వృథా పద్దు కింద నమోదవుతుంది. పారేసిన ప్రశ్నకు పద్దే లేదు. జవాబు రాని తల్లి మరో దారి వెతుక్కుంటుంది గానీ వడపోత మీద ఫిర్యాదు రాయదు, ఒకవేళ రాసినా అదే కీబోర్డుతో రాస్తుంది. అందుకే తప్పులు సున్నా అని నివేదిక చెబుతుంది. తిరస్కరించినవాటిలో కొన్నింటినైనా రోజూ ఒక మనిషి చదవాలని ఎవరో ప్రతిపాదిస్తే, చదవడానికైతే పారేయడం ఎందుకని అధికారులు ఎంతో తర్కబద్ధంగా ప్రశ్నించారు.