పిడుగు ముద్ర, లావా ముద్ర: రాయిలో వీటిని వేరు చేసేదెలా?

“రాళ్లలో కనిపించే అయస్కాంతత్వం పిడుగులు పడి వచ్చింది. కొన్ని రాళ్లు వాటంతట అవే తలకిందుల దిశను పట్టుకుంటాయి. ఇంతమాత్రానికే భూమి ధ్రువాలు తారుమారయ్యాయని, ఇండియా దక్షిణం నుంచి జరిగి వచ్చిందని నమ్మమంటున్నారు. జరిగింది ధ్రువమే ఎందుకు కాకూడదు?”
– తిరుపతి, చిత్తూరు వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్న సందేశం

పిడుగు రాయిని అయస్కాంతీకరిస్తుందన్నది నిజమే. చిత్తూరు జిల్లాలో చెట్టూచేమా లేని గుట్టల మీద పైకి పొడుచుకు వచ్చిన రాళ్లలో ఆ ముద్ర ఉండే అవకాశం ఎక్కువ కూడా. అయితే ఆ ముద్ర దాగేది కాదు. పిడుగు తగిలిన చోట అయస్కాంత బలం మామూలు కంటే ఎన్నో రెట్లు ఎక్కువగా ఉంటుంది, నాలుగడుగులు జరిగితే దిశ మారిపోతుంది. పైగా ప్రయోగశాలలో నమూనాను దిశ అటూ ఇటూ మారుతూ ఉండే ఏకాంతర అయస్కాంత క్షేత్రంలో ఉంచి, ఆ క్షేత్రాన్ని అంచెలంచెలుగా పెంచుతూ పోతే పిడుగు ముద్ర సాధారణంగా ముందే చెరిగిపోతుంది, లావా చల్లారినప్పుడు పట్టుకున్న గట్టి ముద్ర మిగులుతుంది. అలా మిగలని నమూనాను లెక్కలోకి తీసుకోరు.

మిగిలిన ముద్ర పాతదేనని తేల్చే పరీక్షకు మన జిల్లాయే మంచి చోటు. ఇక్కడి గ్రానైట్‌ను చీల్చుకుని నిలువు గోడల్లా నల్లని డోలరైట్ డైకులు ఉన్నాయి, క్వారీల్లో బ్లాక్ గ్రానైట్ పేరుతో కోసి అమ్మే రాయి చాలావరకు ఇదే. డైకు కరిగిన స్థితిలో దూసుకొచ్చినప్పుడు దాన్ని ఆనుకుని ఉన్న గ్రానైట్ కూడా కాలింది. మాగ్నెటైట్ 580 డిగ్రీల సెల్సియస్ దాటితే తన పాత అయస్కాంతత్వాన్ని పూర్తిగా కోల్పోతుంది, చల్లారేటప్పుడు ఆనాటి భూక్షేత్రం దిశను కొత్తగా పట్టుకుంటుంది. అందుకని డైకు నుంచి, దాని పక్కన కాలిన గ్రానైట్ నుంచి, దూరాన కాలని గ్రానైట్ నుంచి విడివిడిగా నమూనాలు తీస్తారు. మొదటి రెండింటి దిశ ఒకటై, మూడోదాని దిశ వేరైతే ఆ ముద్ర డైకు పుట్టిననాటిదే. మూడూ ఒకే దిశ చూపితే, తర్వాతెప్పుడో ప్రాంతమంతా మళ్లీ అయస్కాంతీకరణకు లోనై ఉండవచ్చని అనుమానించి ఆ ఫలితాన్ని పక్కన పెడతారు. ఇంత కట్టుదిట్టంగా జరిగే పనిని పిడుగుల లెక్కన కొట్టిపారేయడం అన్యాయం.

రాయి తనంతట తాను దిశ తిప్పుకోవడం కూడా ఉన్నదే. జపాన్‌లోని హరునా అగ్నిపర్వతపు రాళ్లలో నగాటా బృందం 1950ల ఆరంభంలో దాన్ని చూపింది. అది అరుదైన గుణం, ప్రత్యేకమైన టైటానియం ఖనిజాలు ఉంటేనే కనిపిస్తుంది, రాయిని మళ్లీ వేడి చేసి చల్లారిస్తే చాలావరకు బయటపడుతుంది. కానీ ఫ్రాన్స్‌లో బెర్నార్డ్ బ్రూన్స్ 1906లో ప్రకటించిన ఫలితాన్ని చూడండి: లావాతో పాటు దాని కింద కాలిన బంకమట్టి కూడా తలకిందుల దిశనే చూపింది. ఖనిజాలు వేరైన రెండు పదార్థాలు ఒకే పొరపాటు చేశాయనడం కుదరదు. 1960లలో కాక్స్, డోయెల్, డాల్రింపుల్ పొటాషియం–ఆర్గాన్ పద్ధతిలో వయసులు కట్టినప్పుడు, వేర్వేరు ప్రాంతాల్లో ఒకే వయసున్న లావాలు ఒకే దిశను చూపాయి. చివరి తారుమారు సుమారు 7,80,000 ఏళ్ల కిందటిది.

ఇక ఇండియా కదలిక. సుమారు 6.6 కోట్ల ఏళ్ల నాటి దక్కన్ లావాల్లో కింది పొరలు ఎక్కువగా ఆగ్నేయానికి తిరిగి, 48 డిగ్రీల మేర కిందికి వంగిన దిశను చూపుతాయి. వంపు I నుంచి అక్షాంశం λ తెలుస్తుంది: tan I = 2 tan λ. 48 డిగ్రీల టాంజెంట్ 1.11, అందులో సగం 0.555, అంటే అక్షాంశం 29 డిగ్రీలు. అయితే అది ఉత్తరమా, దక్షిణమా? ఒక్క పొరను చూసి చెప్పలేం, ఎందుకంటే క్షేత్రం తారుమారు కాకుండా నేలే దాదాపు వెనక్కి తిరిగిందనుకున్నా అదే దిశ వస్తుంది. కానీ పై పొరలు దాదాపు సరిగ్గా ఎదురు దిశను, అంటే వాయవ్యానికి తిరిగి పైకి లేచిన దిశను చూపుతాయి. అంత తక్కువ కాలంలో నేల అలా గిర్రున తిరగలేదు. తిరగబడింది క్షేత్రమే. అదే కాలపు తారుమారు సముద్రపు అడుగునా నమోదై ఉంది కాబట్టి, కింది పొరలు తారుమారు కాలానివని, ఆ నేల దక్షిణార్ధగోళంలో ఉండేదని తేలుతుంది. ఆ లావాలున్న మహాబలేశ్వరం నేడు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉంది. ఈ 47 డిగ్రీల తేడా సుమారు 5,200 కిలోమీటర్లు.

ధ్రువమే జరిగిందనుకుంటే ఏమవుతుంది? ఇండియాను కదపకుండా ఆ దిశల నుంచి లెక్క కడితే, ఆనాటి ధ్రువం అమెరికా తూర్పు తీరం వైపు, సుమారు 37 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో పడుతుంది. అదే వయసున్న ఐరోపా, ఉత్తర అమెరికా రాళ్లు దాన్ని ఆర్కిటిక్ ప్రాంతంలోనే చూపుతాయి. భూక్షేత్రానికి ఒకే కాలంలో రెండు ఉత్తర ధ్రువాలు ఉండవు కాబట్టి, ఖండాలే ఒకదానికొకటి ఎడం జరిగి ఉండాలి.

ఈ పద్ధతికి హద్దులున్న మాట వాస్తవం. అయస్కాంత ధ్రువం భౌగోళిక ధ్రువం చుట్టూ సదా కదులుతూ ఉంటుంది కనుక, వేల ఏళ్ల వ్యవధిలో పారిన అనేక లావా పొరల సగటు తీయనిదే అక్షాంశాన్ని నమ్మకూడదు. రాళ్ల దిశ అక్షాంశాన్నీ, నేల తిరిగిన కోణాన్నీ చెబుతుంది గానీ రేఖాంశాన్ని చెప్పదు, దాన్ని హిందూ మహాసముద్రపు అడుగున ఉన్న అయస్కాంత పట్టీల వయసుల నుంచి రాబట్టాలి.